అన్నకీ అన్నయ్యకీ మధ్య

ఆదివారం అనుబంధంలో చదివినప్పుడు ఆ వాక్యం దగ్గర నేనేమీ ఆగలేదు. కళ్ళు తుడుచుకుని ముందుకు వెళ్ళిపోయాను. సోమవారం అదే కథనం ఇంగ్లీషులోకి మార్చమని నా బల్ల మీదికి వచ్చింది. అప్పుడు సరిగ్గా అక్కడే బండి దిగబడింది.

"అన్న చంపించాడు. అన్నయ్య అన్నం పెడుతున్నాడు."

ఆ మాటలన్నది ఒక సర్వేయరు భార్య. ఆయన ఉద్యోగం గొలుసు పట్టుకుని హద్దులు కొలవడం. రాళ్ళ క్వారీ ఒకటి హద్దు దాటి ప్రభుత్వ భూమిలోకి చొచ్చుకొచ్చిందని కొలిచి, ఉన్నది ఉన్నట్టు రాశాడు. మార్చమన్నారు, మార్చలేదు. బెదిరించారు, మార్చలేదు. ఒక రోజు క్వారీ గుంత నీళ్ళలో తేలాడు. కాలు జారి పడ్డాడని పోలీసులు ఫైలు మూసేశారు. బట్టలు కుట్టుకుని బతికే భార్య ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని, మోటారు సైకిళ్ళ మెకానిక్కు అయిన తన అన్నయ్య ఇంటికి చేరింది. షెడ్డు వెనక రెండు గదులు, ముందు గదిలో ఆమె కుట్టు మిషను. ఇవన్నీ మా విలేఖరి రాసినవే. ఆయన్ని ఆఫీసులో అందరం మాస్టారు అంటాం. ఎదుటివాళ్ళ అక్షర దోషాలు దిద్దందే ఆయనకి టీ కూడా దిగదు.

ఇప్పుడు ఆ "అన్న" సంగతి. ఆ ప్రాంతంలో ముందూ వెనకా ఏమీ తగిలించకుండా అన్న అంటే ఒక్కడే మనిషి. క్వారీలు ఆయనవి, పదవి ఆయనది, పోలీస్ స్టేషన్లో కుర్చీలు కూడా ఆయన వేయించినవే. అన్న వస్తున్నాడంటే రోడ్లు ఊడ్చుకుంటాయి. తోడబుట్టినవాడి గురించి చెప్పాలంటే ఎవరైనా మా అన్నయ్య అంటారు. తెలుగు చదివేవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ "య్య" దగ్గరే తెలిసిపోతుంది. మాస్టారు పేరు రాయకుండా ఆమె మాటని ఆమె మాటగా వదిలేశారు. "ఆ అన్న ఎవరో తెలియనివాడు అక్కడ లేడు, నిరూపించగలిగినవాడూ లేడు" అని ఆయన మీసాల్లో నవ్వారు కూడా. మా లాయరు కూడా అందుకే తెలుగులో దాన్ని వదిలేశాడు.

ఇంగ్లీషులో మాత్రం రెండూ ఎల్డర్ బ్రదరే. ఒక అన్న మొగుణ్ణి చంపించాడు, ఇంకో అన్న అన్నం పెడుతున్నాడు. లేదా, ఇంకా ఘోరంగా, ఇద్దరూ ఒక్కడే.

మామూలు ఆదివారం కథనమైతే ఇంత తల పట్టుకునేదాన్ని కాను. క్వారీల్లో జరిగిన చావుల మీద రాజధాని నుంచి ఒక విచారణ సంఘం వస్తోంది. ముగ్గురూ రిటైరైన జడ్జీలు, ఒక్కరికీ తెలుగు రాదు. చదవడానికి ఏమైనా ఉంటే ఇంగ్లీషులో ఇమ్మని పత్రికలని అడిగారు. ఈ కథనం వాళ్ళకి అందితే, వాళ్ళు నమ్మితే, మూసేసిన ఫైలు తెరుచుకుంటుంది. సర్వేయరు భార్య ఆశ అంతా దాని మీదే. మాస్టారికి ఫొటో ఇచ్చిందీ, నోరు విప్పిందీ అందుకే.

మొదటి చిత్తులో నేను "అన్న" అన్న మాటని ఇంగ్లీషు లిపిలో అలాగే ఉంచేసి, వాలు అక్షరాల్లో పెట్టాను. మా ఇంగ్లీషు డెస్కు ఇన్‌ఛార్జి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన్ని కత్తెర అంటాం, ఎందుకో చెప్పనక్కర్లేదు. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు.

"ఎవరమ్మా ఈ ఆనా? సర్వేయరు గారికి రెండో సంసారమా?"

"జోకులొద్దు సార్."

"జోకు కాదు. మనకి తెలుసు కాబట్టి సరిపోయింది. బయటివాడికి ఆ స్పెల్లింగు చూస్తే ఆనా అనే దొరసాని పేరే కనపడుతుంది. ఆవిడ వచ్చి హత్య చేయించిందనుకుంటాడు. నేపథ్యం ఇవ్వాలి, తప్పదు."

సరే నేపథ్యం కావాలా, ఇదిగో అని కూర్చున్నాను. నాకు కోపమొస్తే పేరాలు పొడుగవుతాయి. క్వారీలు ఎలా వచ్చాయి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారాయి, ఏ ఎన్నికల్లో ఏ పార్టీ గెలిచింది, ఇక్కడ నాయకుల్ని చుట్టరికం పెట్టి ఎందుకు పిలుస్తారు, ఆ పిలుపులో ప్రేమ ఎంత, భయం ఎంత, అన్నీ రాశాను. చదువుకుంటే సర్వేయరు భార్య ఎక్కడా కనపడలేదు. ఆమె మొగుడు మళ్ళీ మునిగిపోయాడు, ఈసారి నా వివరణల్లో.

"కథనం అడిగితే పాఠ్యపుస్తకం తెచ్చావు" అన్నాడు కత్తెర. ఆయన మాట నిజమే, ఒళ్ళు మండినా ఒప్పుకున్నాను.

అన్నీ కొట్టేసి ఒకే వాక్యం మిగిల్చాను. అన్న అంటే తోడబుట్టినవాడు అని అర్థం, కానీ ఆ ప్రాంతంలో అందరూ అలా పిలిచేది క్వారీలు చేతిలో ఉన్న నాయకుణ్ణి. చిన్నది, సూటిగా ఉంది, ఆమె మాట పక్కన ఒదిగి కూర్చుంది. నాకే ముచ్చటేసింది.

లాయరు దాన్ని చూసి కుర్చీలోంచి లేచాడు.

"మేడమ్, అన్న చంపించాడని ఆవిడ అంటే అది ఆవిడ మాట. అన్న అంటే ఫలానా ఆయన అని మీరు రాస్తే అది పత్రిక మాట. క్వారీలున్న నాయకుడు అక్కడ ఎంతమంది?"

"ఒక్కడే."

"మరి పేరు రాసినట్టే కదా. రేపు పరువు నష్టం దావా వేస్తే ఆవిడ మీద వేయడు, మన మీద వేస్తాడు."

"మరి తెలుగులో వదిలేశారుగా?"

"తెలుగులో మనం ఏమీ చెప్పలేదు. చదివేవాళ్ళే చెప్పుకున్నారు."

తెలుగులో పాఠకుడు చేసే పని ఇంగ్లీషులో నేను చేయాలి, నేను చేస్తే అది నేరం. అలాగని ఆ వాక్యమే తీసేద్దామంటే, ఇక ఆ కథనంలో జడ్జీలు చదవడానికి ఏం మిగులుతుంది? ఒక విధవ, ఒక కుట్టు మిషను, కాసిన్ని కన్నీళ్ళు. అలాంటివి వాళ్ళు రోజుకొకటి చదువుతారు.

మాస్టారి దగ్గర నంబరు తీసుకుని ఆమెకే ఫోన్ చేశాను. కుట్టు మిషను చప్పుడు వినిపించింది, తర్వాత ఆగింది.

"ఇంగ్లీషులో రాసేది మీరేనా అక్కా? నాకంటే పెద్దవారే అయ్యుంటారు, అక్కా అంటున్నాను, ఏమీ అనుకోకండి."

"అక్కనేలే. ఒక మాట అడగాలి తల్లీ. అన్న చంపించాడన్నావు చూడు, ఇంగ్లీషులో అన్నకీ అన్నయ్యకీ ఒకటే మాట. చదివినవాళ్ళు మీ అన్నయ్య అనుకునే ప్రమాదం ఉంది. తీసేయమంటావా?"

ఆమె నవ్వింది. మొగుడు పోయాక నవ్వడం మానేసిన మనిషి నవ్వులా ఉంది, కొంచెం తుప్పు పట్టి. "మా అన్నయ్యా? ఆయనకి మా వదిన మీద కోపమొస్తే షెడ్డులోకెళ్ళి బండికి బోల్టులు బిగించుకుంటాడు. ఆయన్ని ఎవరనుకుంటారక్కా?"

"తెలియనివాళ్ళు అనుకుంటారు."

"తీసేయకండి. ఆ ఒక్క మాట కోసమే ఇదంతా. ఆ మాట లేకపోతే మా ఆయన జారిపడ్డట్టే కదా."

వెనక నుంచి మగ గొంతు ఏదో అడిగింది. ఆమె చెప్పింది. ఫోన్ చేతులు మారింది.

"నమస్తే మేడమ్, నేను వాళ్ళ అన్నయ్యని. అది చెప్పింది చెప్పినట్టు రాసేయండి. నా గురించి ఆలోచించకండి. ఇంగ్లీషు పేపరు మా షెడ్డుకి ఎందుకొస్తుంది, గ్రీజు తుడుచుకోడానికా?" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "బావ చాలా మంచివాడు మేడమ్. ఆ సంగతి కూడా ఎక్కడైనా రాయండి."

ఆ గొంతు విన్నాక నాకు పట్టుదల పెరిగింది. లాయరుతో, కత్తెరతో మధ్యాహ్నమంతా వాదించి ఒక దారి పట్టాను. అన్న అన్న మాటని అలాగే ఉంచి, పక్కనే దాని అర్థం, ఎల్డర్ బ్రదర్ అని. కింద ఒక పేరా, ఆ ప్రాంతంలో పలుకుబడి ఉన్న మగవాళ్ళని అందరూ ఈ మాటతోనే పిలుస్తారని, చుట్టరికంతో పని లేదని. అందులో నాయకుడు లేడు, క్వారీ లేదు, లాయరు ఒప్పుకున్నాడు. అన్నయ్య వచ్చిన చోటల్లా "నా సొంత తోడబుట్టినవాడు, మెకానిక్కు" అని విడిగా రాశాను. ఒకడు అన్న, ఇంకొకడు సొంత అన్న. ఆ పేరా, ఆ "సొంత", ఈ రెండింటినీ పట్టుకుని ఆ వాక్యం పడకుండా నిలబడింది. సర్వేయరు మంచివాడన్న మాట కూడా ఒకటి చేర్చాను, అన్నయ్య చెప్పినట్టే. కత్తెర దాన్ని ముట్టుకోలేదు.

మా వెబ్‌సైటులో కథనం వచ్చిన రోజు మాస్టారు నా గది దాకా వచ్చి, "బాగా కుదిరింది. నా తెలుగు కంటే నయంగా ఉంది" అన్నారు. ఆయన నోటి నుంచి అలాంటి మాట రావడం చిన్న విషయం కాదు. ఇంటికెళ్ళేదాకా ఆ సంబరం నన్ను వదల్లేదు.

మర్నాడు బస్సులో ఫోన్ తెరిచి చూశాను. నా కథనమే, కానీ పొట్టిగా ఉంది. ఫోనులో చదివేవాళ్ళకని మా వెబ్ విభాగం ప్రతి కథనానికీ ఒక కుదించిన రూపం తయారుచేస్తుంది. చేసినాయన చెడ్డవాడు కాదు. నడుం నొప్పితో నిలబడి పనిచేస్తాడు, పిల్లల ఫీజుల గురించి మాట్లాడతాడు, ఆ రోజు అలాంటివి బోలెడు చేసి ఉంటాడు. ఆయనకి రెండే నియమాలు. శీర్షిక తెర మీద పట్టాలి. తెలియని మాట ఉండకూడదు. అందుకని అన్న తీసేసి పక్కనున్న అర్థం పెట్టాడు. మధ్యలో వివరణ పేరా జనం చదవరని దాన్ని లేపేశాడు. "నా సొంత తోడబుట్టినవాడు" ఉన్న రెండో వాక్యం శీర్షికలో పట్టలేదు, ఆ మాట వచ్చిన మిగతా చోట్లు కథనం చివర్లో ఉన్నాయి, అక్కడిదాకా ఆ పొట్టి రూపం రానేలేదు.

'నా భర్తను ఎల్డర్ బ్రదర్ చంపించాడు': సర్వేయరు భార్య.

బస్సు దిగి పరుగెత్తాను. వెబ్ విభాగంలోకెళ్ళి ఏం అరిచానో నాకు గుర్తు లేదు, ఆయన మాత్రం "ఆనా అంటే ఎవరికి అర్థమవుతుంది మేడమ్?" అని బిక్కమొహం వేసుకుని అడిగాడు. శీర్షిక మార్చారు. ఆలోపే నాలుగు సైట్లు దాన్ని ఎత్తుకుపోయి పెట్టుకున్నాయి. వాళ్ళకి ఫోన్లు చేస్తే ఒకరు తీశారు, ఒకరు చూస్తామన్నారు, మిగతావాళ్ళు ఎత్తనే లేదు.

ఆ ఇంగ్లీషు శీర్షికని అక్కడి పోలీసులు తిరిగి తెలుగులోకి మార్చుకున్నారు. "నా భర్తను మా అన్నయ్య చంపించాడు." నేను పోగొట్టుకున్న "య్య" వాళ్ళ దగ్గర దొరికింది. మూసేసిన ఫైలు తెరుచుకుంది. జడ్జీలు రాకముందే హంతకుణ్ణి పట్టుకుంటే వాళ్ళకి అంతకంటే ఏం కావాలి? షెడ్డులో బండి విప్పి పెట్టుకుని కూర్చున్న మనిషిని, చేతులు కూడా కడుక్కోనివ్వకుండా తీసుకెళ్ళారు.

మాస్టారు వెంటనే అక్కడికి బయల్దేరారు. మేమిక్కడ సవరణ రాయడానికి కూర్చున్నాం. ఆమె అన్నది తన సోదరుణ్ణి ఉద్దేశించి కాదు, అని నేను టైపు చేశాను.

"మరి ఎవర్ని ఉద్దేశించి అని అడుగుతారు" అన్నాడు లాయరు.

"అడగనీండి!"

"మనల్ని కాదు మేడమ్. ఆవిడని అడుగుతారు."

సవరణ వేశాం. అతను చెప్పినట్టే జరిగింది. తర్వాత జరిగింది మాస్టారు ఫోనులో చెప్పారు. మధ్య మధ్య ఆగిపోతూ చెప్పారు, నేను హలో హలో అనాల్సి వచ్చింది.

ఆమె తెలుగు పేపరు చేత్తో పట్టుకుని స్టేషనుకి వెళ్ళిందట. ఇదిగో, అన్న అన్నాను, అన్నయ్య అనలేదు, చూడండి, రెండూ పక్కపక్కనే ఉన్నాయి అని వేలు పెట్టి చూపించిందట. అధికారి శ్రద్ధగా చదివాడట. చదివి, తల ఊపాడట.

"నిజమే. రెండూ వేరే. మీ అన్నయ్య కాదన్నమాట. మరి ఆ అన్న ఎవరో చెప్పమ్మా, రాసుకుంటాను" అని కాగితం ముందుకు లాక్కున్నాడట. మర్యాదగానే అడిగాడట. కుర్చీ కూడా వేయించాడట.

ఆ స్టేషన్లో అన్న ఎవరో తెలియనివాడు ఒక్కడు లేడు. ఆమె నోటితో ఆ పేరు చెప్పించుకుని, కింద సంతకం పెట్టించుకోవాలి, అంతే వాళ్ళకి కావలసింది. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. వాళ్ళు ఏ దారిన బడికి వెళ్తారో ఊరందరికీ తెలుసు.

లోపలి గదిలోంచి అన్నయ్య అరిచాడట. "చెప్పకు! నేనే అనుకోనీ. నాకేం కాదు, నువ్వు ఇంటికి పో!" తర్వాత ఏదో దెబ్బ చప్పుడు వినపడిందట, మరి గొంతు రాలేదట.

ఆమె పేపరు నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకుందట. తర్వాత, "నేను ఏ అన్ననీ అనలేదు. ఏడుపులో ఏదో వాగాను. ఎవరూ చంపించలేదు" అందట.

సాయంత్రానికి అన్నయ్యని వదిలేశారు. ఎడం చెవి సరిగా వినపడటం లేదని మాస్టారు చెప్పి, "ఇంక ఉంటానమ్మా" అని ఫోన్ పెట్టేశారు.

నేను ఏడ్చాను. ఆఫీసులో, తలుపు తెరిచే ఉంది, ఎవరు చూసినా నాకు లెక్క లేకపోయింది. కత్తెర వచ్చి ఒక గ్లాసు నీళ్ళు పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఆమే ఫోన్ చేసింది. ఈసారి మిషను చప్పుడు లేదు.

"అక్కా, మీ ఇంగ్లీషులో ఇంకో ముక్క వేయాలట. జడ్జీలు రాకముందే వేయించమని స్టేషన్లో చెప్పారు. నేనలా అనలేదని."

"తల్లీ, నన్ను క్షమించు. నేను..."

"మిమ్మల్నేమీ అనడం లేదక్కా. మీరు ముందే అడిగారు. నేనే ఉంచమన్నాను." ఆ గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది, కాసేపైనా ఊపిరాడేది నాకు. "రాసుకోండి. మా ఆయన కాలు జారి పడిపోయారు. ఎవరి తప్పూ లేదు."

"అది అబద్ధం కదమ్మా. నేను రాయను. ఇంకేదైనా దారి చూద్దాం, జడ్జీలతో నేనే మాట్లాడతాను, నీ మాటకి అర్థం నేను చెప్తాను వాళ్ళకి..."

"ఎవరని చెప్తారక్కా?"

బల్ల మీది పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశాను.

"నిజం మీ ఇంగ్లీషులో కుదరలేదు కదక్కా" అంది ఆమె, నన్ను ఓదారుస్తున్నట్టే. "ఇది కుదురుతుంది. రాసేయండి. అన్నయ్య పక్కనే ఉన్నాడు, కుడి చెవి పెట్టి వింటున్నాడు."

రాశాను. కాలు జారి పడిపోయారు, ఎవరి తప్పూ లేదు. నిఘంటువు తెరవలేదు. వాలు అక్షరాలు పెట్టలేదు. లాయరు చదివి సంతకం పెట్టాడు. వెబ్ విభాగం ఆయన శీర్షిక తెర మీద సరిపోతుందన్నాడు. కత్తెర ఒక్క కామా కూడా మార్చకుండా చదివి, అలవాటు కొద్దీ నా వైపు చూశాడు.

"దీనికేమైనా నేపథ్యం కలపాలా?"

"అక్కర్లేదు సార్" అన్నాను. "ఇది ఎవరికైనా అర్థమవుతుంది."